పన్నెండు తువ్వాళ్ల ట్రిప్పు

మా ఇంట్లో తువ్వాళ్ల గొడవకి మూలం మేడ మీద పరిచిన సోలార్ పలకలు. అవి పెట్టించిన అపార్ట్‌మెంట్ సంఘంవాళ్లు ఏదో ఘనకార్యం చేశామని మురిసిపోయారు. నాకు మాత్రం బట్టలారేసుకునే చోటు ఒక్క రోజులో మాయమైపోయింది.

నేను ఫిజియోథెరపిస్టుని. మా ఫ్లాటులో ముందు గదే నా క్లినిక్కు. మెడ పట్టేసినవాళ్లు, భుజం లేవనివాళ్లు, నడుం వంగనివాళ్లు రోజుకో పదిమంది వస్తారు. ఒక్కొక్కరికి రెండు తువ్వాళ్లు, కాస్త లావుగా ఉన్నవాళ్లకి మూడు. సాయంత్రానికి ఇరవై నాలుగు తువ్వాళ్లు, మంచం మీద పరిచే పల్చటి దుప్పట్లు ఓ ఆరు పోగుపడతాయి. ఇవన్నీ మేడ మీద ఆరేవి. ఇప్పుడు మేడ సూర్యుడిది, నాది కాదు.

మా బాత్రూములో ఒక్క మిషనుకే చోటుంది. ఉతికేదొకటి, ఆరబెట్టేదొకటి విడివిడిగా కొంటే మేం స్నానానికి పక్కింటికి పోవాలి. అందుకని రెండు పనులూ ఒకే డ్రమ్ములో చేసే మిషను కొన్నాం. షోరూమువాడు చాలా ముద్దుగా చెప్పాడు. "మురికివి వెయ్యండి మేడం, ఆరినవి తీసుకోండి. మధ్యలో మీరు చెయ్యాల్సిందేమీ ఉండదు. నచ్చకపోతే పది రోజుల్లో వెనక్కి ఇచ్చెయ్యండి." మధ్యలో చెయ్యాల్సిందేమీ ఉండదన్న మాట నమ్మి సంతకం పెట్టినందుకు నన్ను నేనే తిట్టుకోవాలి. పేషెంట్లతో నేను ఏ రోజూ అలాంటి మాట అనను.

గురువారం మిషను వచ్చింది. వచ్చిన గంటకే దాన్ని మా మావయ్యగారు స్వాధీనం చేసుకున్నారు.

మావయ్యగారి గురించి చెప్పాలి. ముప్పై నాలుగేళ్లు సిటీ బస్సులో కండక్టరు. ఆరు నెలల కిందట రిటైరై మా దగ్గరికి వచ్చేశారు. అత్తయ్యగారు పోయి చాలా కాలమైంది. వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకి ఏం తోచేది కాదు. పొద్దున్నే ఐదున్నరకి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎవరో పిలుస్తారన్నట్టు కుర్చీలో కూచునేవారు. ఎవరూ పిలిచేవారు కాదు. పది దాటాక లిఫ్టులోకి వెళ్లి నిలబడి, ఎక్కినవాళ్లని "ఎక్కడ దిగాలండీ?" అని అడిగి బటన్లు నొక్కేవారు. వాళ్లు నవ్వేవారు, నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. కంచంలో సగం అన్నం వదిలేసి లేచిపోయే మనిషిని చూసి నేనేం నవ్వను?

మిషను వచ్చిన రోజు ఆయన బాత్రూము గుమ్మంలో స్టూలు వేసుకున్నారు. "అమ్మాయ్, నువ్వు పేషెంట్లని చూసుకో. ఈ బండి డ్యూటీ నాది" అన్నారు. ఆ మధ్యాహ్నం కంచం ఖాళీ చేసి మారు వడ్డించమన్నారు. మా ఆయన నా వైపు చూసి కళ్లెగరేశాడు. మిషను డబ్బులు అక్కడికక్కడే వసూలైపోయాయనిపించింది.

ఆ ముచ్చట శుక్రవారం దాకా ఉంది.

మావయ్యగారి దగ్గర వేలాడదీసి తూకం వేసే స్ప్రింగు కాటా ఒకటుంది. ఒక తువ్వాలు నాలుగొందల గ్రాములు తూగింది. మిషను ముఖాన 8/5 అని రాసుంది. ఎనిమిది అంటే ఎనిమిది కిలోలని ఆయనకి తెలిసింది. గీత కింద ఐదు మోడల్ నంబరనుకున్నారు. ఎనిమిది కిలోలకి ఇరవై తువ్వాళ్లు. మిగిలిన నాలుగిటి వైపు ఓసారి చూసి, "వీళ్లని స్టాపులో వదిలేసి ఎలా వెళ్తాం?" అని అవీ ఎక్కించారు.

"ఎక్కువవుతాయేమో మావయ్యగారూ" అన్నాను.

"కంపెనీవాళ్లు ఎప్పుడూ తక్కువే రాస్తారమ్మా. నా బస్సు మీద నలభై ఎనిమిది అని రాసుండేది. ఆఫీసు టైములో తొంభై మందిని తీసుకెళ్లేవాణ్ణి. ఒక్కడూ కింద పడలేదు."

మోకాలు అడ్డం పెట్టి, అరచేత్తో తువ్వాళ్లని లోపలికి తోస్తూ "ముందుకి జరగాలి, లోపలంతా ఖాళీయే" అని వాటితో చెప్పారు. తలుపు మూశారు. ఉతికి ఆరబెట్టే బటను నొక్కారు. ఏడు గంటల తర్వాత తలుపు తీస్తే ఇరవై నాలుగు తువ్వాళ్లు ఒకే ముద్దగా బయటికొచ్చాయి. వేడిగా ఉన్నాయి, తడిగా ఉన్నాయి, ముసలి మొహాల్లాగా ముడతలు పడి ఉన్నాయి. చేత్తో పట్టుకుంటే ఇడ్లీపాత్ర మీది గుడ్డలా ఉంది.

శనివారం, ఆదివారం కూడా అంతే. సోమవారానికి వాటికి ముక్కిన వాసన పట్టుకుంది. నేను గదిలో అత్తరు కొట్టాను. అత్తరు, ముక్కిన కంపు కలిసి మూడో వాసన పుట్టింది. అది వర్ణించడం నా వల్ల కాదు.

మావయ్యగారు ఊరుకునే రకం కాదు. ఆరడం లేదని తెలిశాక తనిఖీలు మొదలెట్టారు. బస్సులో చెకింగు వాళ్లు మధ్యలో ఎక్కినట్టు, గంటకోసారి మిషను ఆపి, తలుపు వదిలేదాకా ఎదురుచూసేవారు. లోపల వేడి తగ్గితే గాని ఆ తలుపు రాదు. ఓ పావుగంట నిలబడి, తీసి, నాలుగైదు తువ్వాళ్లు బయటికి లాగి చెంపకి ఆనించుకుని, "ఇది ఆరింది, దిగిపోవచ్చు. ఇది ఇంకా ప్రయాణం చెయ్యాలి" అని వేరు చేసేవారు. దిగినవన్నీ వేడివేడిగా బుట్టలో గుట్టపోసేవారు. మళ్లీ తలుపు మూసేవారు. మిషను మళ్లీ మొదట్నుంచి వేడెక్కాలి. పొద్దున ఆరింటికి మొదలైన ట్రిప్పు సాయంత్రం ఐదైనా గమ్యం చేరేది కాదు. అంతసేపూ మా స్నానాలకి దారి ఉండేది కాదు.

మంగళవారం మా ఆయన ఉన్ని స్వెట్టరు పొరపాటున తువ్వాళ్లతో కలిసి ఎక్కింది. ఎక్కినప్పుడు పెద్దవాడిది, దిగేటప్పటికి ఐదేళ్ల పిల్లవాడిది. మావయ్యగారు దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి చాలాసేపు చూశారు. "హాఫ్ టికెట్టు అయిపోయింది" అన్నారు మెల్లిగా. మా ఆయన మర్నాటి దాకా తండ్రితో మాట్లాడలేదు.

బుధవారం హెడ్మాస్టరమ్మ వచ్చింది.

ఆవిడ ఒక బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైంది. కుడి భుజం బిగుసుకుపోయి చెయ్యి పైకి లేవదు. నోటికి మాత్రం ఏ బాధా లేదు. వారానికి మూడు రోజులు వస్తుంది, వచ్చేటప్పుడు ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకొస్తుంది. నా పేషెంట్లలో సగం మంది ఆవిడ చెబితే వచ్చినవాళ్లే. మంచం మీద బోర్లా పడుకుని, ముఖం కింద తువ్వాలు వాసన చూసి, తలెత్తకుండానే అడిగింది.

"ఇది నిన్న ఎవరు వాడారు?"

"ఉతికిందేనండీ. కొత్త మిషను."

"ఉతికితే ఇలా ఉండదమ్మా. మా బడిలో వానాకాలం పిల్లల మేజోళ్లు ఇలా ఉండేవి. భుజం నొప్పికి వస్తే జలుబు పట్టుకునేలా ఉంది. సోమవారానికి పొడి తువ్వాలు లేకపోతే నేను వేరే చోటు చూసుకుంటాను."

ఆవిడ చూసుకుంటే మిగతావాళ్లూ చూసుకుంటారు. నేను అసలే ఓపిక తక్కువ మనిషిని. మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పేశాను.

"శనివారంతో పది రోజులవుతాయి. మిషను వెనక్కి ఇచ్చేద్దాం. తువ్వాళ్లు లాండ్రీకి వేసేద్దాం."

మావయ్యగారి చెయ్యి కంచంలో ఆగింది. "లాండ్రీకి ఎవరు తీసుకెళ్తారు?"

"వాళ్లే వచ్చి తీసుకెళ్తారు. వాళ్లే తెచ్చిస్తారు."

"ఓహో" అన్నారు. కాసేపాగి, "లెక్కైనా చూసుకోవాలిగా, ఎన్ని వెళ్లాయి, ఎన్ని వచ్చాయి అని" అన్నారు.

"వాళ్లే చీటీ రాసిస్తారు."

ఆయన సగం అన్నం వదిలి లేచారు. మిషను పోతే ఆయన మళ్లీ ఆ కుర్చీలోకి, ఆ లిఫ్టులోకి వెళ్తారని నాకు తెలుసు. తెలిసే అన్నాను. నా క్లినిక్కు నాకు ముఖ్యం కాదా అని ఆ సాయంత్రమంతా నాకు నేనే చెప్పుకున్నాను. అయినా మనసు కుదుటపడలేదు.

ఫోను చేస్తే షోరూమువాళ్లు ఒక మాటన్నారు. వెనక్కి తీసుకునేముందు మెకానిక్కు వచ్చి చూడాలట. గురువారం అతను వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, సన్నటి మీసం, ఎవరి మీదా ఏ ఆశా లేని ముఖం. రాగానే మిషనుకేసి కాకుండా గోడకేసి చూశాడు.

"కుళాయి ఎవరు కట్టేశారు?"

"నేనే" అన్నారు మావయ్యగారు గర్వంగా. "ఉతకడం అయిపోగానే కట్టేస్తాను. ఆరబెట్టడానికి నీళ్లెందుకు, దండగ."

"దీనికి ఆరబెట్టడానికీ నీళ్లు కావాలి."

నేను క్లినిక్కులోంచి గబగబా వచ్చాను. "ఆరబెట్టడానికి నీళ్లేమిటండీ? ఎవరైనా వింటే నవ్వుతారు."

మెకానిక్కు నవ్వలేదు. అతనికి ఆ అలవాటు ఉన్నట్టు లేదు. "వేడి గాలి బట్టలోని తడిని ఆవిరి చేస్తుంది మేడం. ఆ ఆవిరి ఎక్కడికి పోవాలి? దీనికి బయటికి గొట్టం లేదు. అందుకని లోపలే ఓ పక్క నించి చన్నీళ్లు సన్నగా పారతాయి. ఆవిరి ఆ చల్లదనానికి నీరైపోయి, డ్రైనుగొట్టంలోంచి వెళ్లిపోతుంది. కుళాయి కట్టేస్తే ఆవిరి పోయే దారి లేక బట్టల్లోనే తిరుగుతుంది. మూత పెట్టిన గిన్నెలో వండినట్టే. కొన్ని కొత్త రకాలకి ఈ నీళ్లు అక్కర్లేదు. మీరు కొన్న రకానికి కావాలి."

మావయ్యగారి గర్వం కొంచెం తగ్గింది. మెకానిక్కు బుట్టలో తువ్వాళ్లు లెక్కపెట్టాడు. "ఇవన్నీ ఒకేసారి వేశారా?"

"ఎనిమిది కిలోలకి ఇరవై. నాలుగు నిలబడి వెళ్లాయి."

"ఎనిమిది ఉతకడానికి. ఆరబెట్టడానికి ఐదే. ఇదిగో రాసుందిగా, ఎనిమిది కింద ఐదు. ఉతికేటప్పుడు బట్టలు నీళ్లలో నాని అణుగుతాయి. ఆరేటప్పుడు విచ్చుకుని గాలిలో ఎగిరి పడాలి. డ్రమ్ములో సగం ఖాళీ ఉంటేనే గాలి ఆడుతుంది. ఈ తువ్వాళ్లైతే పన్నెండు. పదమూడోది వద్దు."

మావయ్యగారు గీత కింద ఐదుని వేలితో తడిమారు. తర్వాత ఆయన ముఖంలో ఏదో వెలిగింది. "అంటే ఉతకడం సిటీ బస్సు. నిలబడి వెళ్లొచ్చు. ఆరడం స్లీపరు బస్సు. ఎన్ని బెర్తులుంటే అంతమందే."

"అలాగే అనుకోండి" అన్నాడు మెకానిక్కు. ఆ ఉపమానం అతనికి ఏ ఆనందమూ ఇచ్చినట్టు లేదు. కింద కూచుని, మిషను అడుగున చిన్న మూత తీసి, పళ్లెం పెట్టి నీళ్లు వంపి, జాలీ బయటికి లాగాడు. పిడికెడు బూడిదరంగు నూగు ముద్ద వచ్చింది. హెయిర్‌పిన్ను పోయిందని హెడ్మాస్టరమ్మ నా మీద అలిగింది, అది కూడా అందులోనే ఉంది. "ఆరబెట్టే మిషనుకి నూగు పట్టే డబ్బా వేరే ఉంటుంది. దీనికి లేదు. నూగంతా నీళ్లతో ఇక్కడికి చేరుతుంది. ఇన్ని తువ్వాళ్లకి వారానికోసారి తియ్యాలి. తలుపు రబ్బరు మడతల్లోనూ తుడవాలి."

మడతలు తుడవబోతూ ఆగాడు. వేళ్లు వాసన చూశాడు. మొదటిసారి అతని ముఖంలో కదలిక వచ్చింది.

"నూనె వాడతారా?"

"మసాజ్‌కి వాడతాను" అన్నాను.

"ఆ తువ్వాళ్లు ఏ వేడి మీద ఉతుకుతున్నారు?"

"ముప్పై డిగ్రీలు" అన్నారు మావయ్యగారు. "కరెంటు ఆదా."

"నూనె ముప్పైలో పోదు సార్. నూనె మిగిలిన గుడ్డని బాగా వేడి చేసి, ఆ వేడి మీదే గుట్టపోస్తే లోపల్లోపల రాజుకుంటుంది. కాలిపోయిన ఇళ్లు చూశాను. నూనెవి అరవై మీద, సరిపడా సబ్బుతో ఉతకండి. ఉతికాక జిడ్డు తగిలినా, వాసనొచ్చినా మళ్లీ ఉతకండి, ఆరబెట్టొద్దు. ఆరడం చివర కాసేపు చల్లగాలి తిరుగుతుంది, అది పూర్తి కానివ్వండి. మధ్యలో ఆపి వేడివి తీసి పోగెయ్యొద్దు."

నేను బుట్టలోకి చూశాను. పొద్దున మావయ్యగారు దింపిన తువ్వాళ్లు గుట్టగా ఉన్నాయి. చెయ్యి పెట్టి చూస్తే మధ్యలో ఇంకా వెచ్చగానే ఉంది. కాలిపోయిన ఇళ్లన్న మాట గుర్తొచ్చింది. ఆ భయం నోటిలోకి వచ్చేసరికి కోపమైపోయింది.

"ఇల్లు తగలబెట్టేవారు కదా మావయ్యగారూ. కుళాయి మీరే కట్టేశారు, కుక్కింది మీరే, ఆపింది మీరే. మిషనుకేమీ రోగం లేదు."

ఆయన తల దించుకున్నారు. "అవునమ్మా, తప్పంతా నాదే" అన్నారు.

మెకానిక్కు నా వైపు తిరిగాడు. "తువ్వాళ్లకి నూనె ఉంటుందని సార్‌కి చెప్పారా?"

నేను చెప్పలేదు. చెప్పాల్సిన మనిషిని నేనే. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. "శనివారం తీసుకెళ్లమని చెప్పండి" అన్నాను. "దీని మర్యాదలన్నీ నేర్చుకునే తీరిక నాకు లేదు."

మెకానిక్కు సంచి సర్దుకున్నాడు. "మీ ఇష్టం. ఇంకోటి కూడా చెప్పేస్తాను. ఇది ఆరబెడుతున్నంతసేపూ ఉతకదు. పన్నెండు తువ్వాళ్లు ఉతికి ఆరడానికి ఐదు గంటలు. రెండు ట్రిప్పులంటే పది గంటలు. పల్చటి దుప్పట్లు ఇందులో వెయ్యొద్దు, తువ్వాళ్లని చుట్టేసుకుని ఉండ కడతాయి. గట్టిగా పిండే స్పిన్‌ పెట్టి తీసి హాల్లో స్టాండు మీద ఆరెయ్యండి, మూడు గంటల్లో ఆరిపోతాయి. ఉన్ని, పట్టు, లోపల స్పాంజి ఉన్న పట్టీలు అసలు వద్దు. అయిపోయిన వెంటనే తీసి దులిపి మడతెట్టాలి, లేకపోతే ముడతలు. చోటు లేనివాళ్లకి మంచి మిషనే మేడం. కానీ టైము చూసుకునే మనిషి పక్కన ఉండాలి."

శుక్రవారం నేను మావయ్యగారితో మాట్లాడలేదు. కోపం వల్ల కాదు, సిగ్గు వల్ల. ఆయనా మాట్లాడలేదు. కానీ బాత్రూము వైపు నించి ఏవేవో చప్పుళ్లు వినపడ్డాయి. పొద్దున్నే ఆరింటికి తువ్వాళ్లు ఒకటి, రెండు అని లెక్కపెడుతున్న గొంతు పన్నెండు దగ్గర ఆగింది. కుళాయి తిప్పిన చప్పుడైంది. ఆ తర్వాత ఐదు గంటలపాటు స్టూలు మీదినించి ఆయన లేవలేదు, తలుపూ తియ్యలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూచున్నారు. ఆపెయ్యాలని చేతులు ఎంత లాగాయో ఆ కూచోవడంలోనే తెలిసింది. పొద్దున పదకొండింటికి పన్నెండు తువ్వాళ్లు, సాయంత్రం నాలుగింటికి పన్నెండు బయటికొచ్చాయి. ఒక్కోటీ దులిపి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, నా బల్ల మీద వరసగా పేర్చి వెళ్లారు. హాల్లో స్టాండు మీద ఆరు దుప్పట్లు రెపరెపలాడాయి.

నేను ఒక తువ్వాలు తీసి ముఖానికి పెట్టుకున్నాను. మెత్తగా, పొడిగా ఉంది. సోలార్ పలకలు రాకముందు మేడ మీద ఆరినవాటికన్నా మెత్తగా ఉంది. మావయ్యగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారని తెలిసి, మడతపెట్టి పక్కన పెట్టేశాను. బాగుందని ఒక్క మాట అనడానికి నాకేం అడ్డొచ్చిందో ఇప్పటికీ తెలియదు.

శనివారం. మిషను తీసుకెళ్లే మనిషి పదికీ పన్నెండుకీ మధ్య వస్తానని ఫోను చేశాడు. మావయ్యగారు ఆ పొద్దున ఆరింటికి మిషను దగ్గరికి వెళ్లలేదు. పేపరు చదువుతూ కూచున్నారు. ఆశ వదులుకున్నారనుకున్నాను. ఎనిమిదింటికి పేపరు మడిచి, గడియారం చూసి, లేచి లోపలికి వెళ్లారు.

పదిన్నరకి హెడ్మాస్టరమ్మ వచ్చింది. సోమవారం దాకా గడువిచ్చిన మనిషి శనివారమే వచ్చి బోర్లా పడుకుంది. తువ్వాలు వాసన చూసింది. నేను తిట్టు కోసం ఎదురుచూశాను. ఏమీ రాలేదు. భుజం కింద చెయ్యి పెట్టి మెల్లిగా తిప్పుతుంటే రెండు నిమిషాల్లో గురక వినపడింది. ఆవిడ నిద్రపోగా నేను చూడటం అదే మొదలు.

పావుతక్కువ పదకొండుకి గంట మోగింది. తోపుడు బండితో ఒక మనిషి, చేతిలో కాగితం. "మేడం, వెనక్కి తీసుకెళ్లే మిషను. లోపం ఏమిటో రాసుకోవాలి."

"సరిగ్గా ఆరబెట్టడం లేదు" అన్నాను.

అతను రాయబోయి, పక్కనే బల్ల మీద తువ్వాళ్ల వరస చూశాడు. ఒకటి చేత్తో నొక్కాడు. "ఇవి ఇందులో ఆరినవేనా?"

నేను మావయ్యగారి వైపు చూశాను. ముప్పై నాలుగేళ్లలో ఒక్క అబద్ధపు టికెట్టు కొట్టని మనిషి. "ఇందులోవే నాయనా. మిషనుకి ఏ లోపమూ లేదు. లోపం నాదని రాసుకో" అన్నారు.

"మనుషుల లోపానికి ఇందులో గడి లేదండీ" అని ఆ మనిషి కాగితం తిరగేసి చూసి, బాత్రూములోకి నడిచాడు. అక్కడ ఆగిపోయాడు. మిషను తిరుగుతోంది. మిషను ముఖాన అంకెల్లో ఇంకా రెండు గంటల పది నిమిషాలుంది. అద్దం వెనక పన్నెండు తువ్వాళ్లు తీరిగ్గా ఎగిరి పడుతున్నాయి.

"సార్, దీన్ని ఆపండి."

"ఆపకూడదు" అన్నారు మావయ్యగారు.

"ఆపాలి సార్, నేను తీసుకెళ్లాలి."

"లోపల వేడిగా ఉంది. ఇప్పుడు ఆపినా తలుపు రాదు. వచ్చినా వేడి తువ్వాళ్లు పోగుపెట్టకూడదు, ప్రమాదం. నూనెవి. చివర చల్లగాలి తిరగాలి. మీ మెకానిక్కే చెప్పాడు." ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "ట్రిప్పు మధ్యలో బండి ఆగదు."

ఈ మాట అంటున్న మనిషే మొన్నటిదాకా గంటకోసారి బండి ఆపిన మనిషి. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఇంకోటి తట్టింది. ఆరింటికి మొదలుపెడితే పదకొండుకల్లా ట్రిప్పు అయిపోయి, మిషను చల్లబడి, తలుపు తెరుచుకునేది. ఎనిమిదింటికి మొదలుపెట్టారు. పదికీ పన్నెండుకీ మధ్య వస్తానన్న మనిషి ఏ నిమిషంలో వచ్చినా బండి దారిలోనే ఉంటుంది.

"ఒంటిగంటకి వస్తాను మరి" అన్నాడు ఆ మనిషి విసుగ్గా.

"ఒంటిగంటా ఐదుకి రెండో ట్రిప్పు బయల్దేరుతుంది" అన్నారు మావయ్యగారు. "సాయంత్రం ఆరింటికి చేరుతుంది."

"ఆరింటికి మా ఆఫీసు కట్టేస్తారు సార్. ఇవాళ్టితో గడువు అయిపోతుంది."

మావయ్యగారు గోడకేసి చూశారు. ముందు గదిలో హెడ్మాస్టరమ్మ గురక ఆగి మళ్లీ అందుకుంది.

నేను ఆయన పక్కకి వెళ్లి నిలబడ్డాను. "మావయ్యగారూ, కావాలనే ఎనిమిదింటికి మొదలుపెట్టారా?"

ఆయన అబద్ధం చెప్పలేరు. చెవులు ఎర్రబడ్డాయి. చొక్కా కింది గుండీ పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకున్నారు.

"నాకు దండలేసి, శాలువా కప్పి, ఒకసారి ఇంటికి పంపేశారమ్మా" అన్నారు నా వైపు చూడకుండా. "అప్పుడు ఎలాగో తట్టుకున్నాను. రెండోసారి నావల్ల కాదు."

రోజూ పదిమంది ఒంట్లో ఏ కండరం ఎక్కడ పట్టేసిందో చేత్తో తడిమి చెప్పగలను. మా ఇంట్లో మనిషికి ఎక్కడ నొప్పో ఆరు నెలలుగా కళ్లెదుట కనిపిస్తున్నా, కోపంలో అక్కడే నొక్కాను.

"నూనె సంగతి చెప్పనిది నేను మావయ్యగారూ" అన్నాను. "తప్పంతా మీదని ఒప్పుకుంటుంటే విని ఊరుకున్నాను."

"చెప్పి ఉంటే మాత్రం నేను కుళాయి కట్టెయ్యకుండా ఉండేవాణ్ణా?" అన్నారు ఆయన.

తీసుకెళ్లే మనిషి కాగితం నా ముందు పెట్టాడు. "మేడం, వెనక్కి పంపడం వద్దనుకుంటే ఇక్కడ కారణం రాసి సంతకం పెట్టండి. మళ్లీ వెనక్కి ఇస్తామంటే కుదరదు."

పెన్ను తీసుకున్నాను. కారణం అన్న గీత మీద ఏం రాయాలో ఓ క్షణం తోచలేదు. తర్వాత రాసి సంతకం పెట్టాను. అతను చదువుకుని, అర్థం కాక మళ్లీ చదువుకుని, ఖాళీ బండి తోసుకుంటూ లిఫ్టులోకి వెళ్లిపోయాడు.

"ఏం రాశావమ్మా?" అని అడిగారు మావయ్యగారు.

"మా ఇంట్లో దీనికి మనిషి ఉన్నాడని రాశాను."